హాలిడే క్లబ్ ఇచ్చిన నోటి మాటకు విలువ ఎంత?

పెట్రోల్ బంకులోనో, షాపింగ్ మాల్‌లోనో, ఎగ్జిబిషన్ గేటు దగ్గరో ఒక కూపన్ చేతిలో పెడతారు. పేరు, ఫోన్ నంబరు, పెళ్లయిందా, నెల ఆదాయం ఎంత, క్రెడిట్ కార్డు ఉందా అని నాలుగైదు గడులుంటాయి. నింపి డబ్బాలో వేస్తే వారం తిరగకుండానే ఫోను వస్తుంది. లక్కీ డ్రాలో మీ పేరు వచ్చింది, మూడు పగళ్లు రెండు రాత్రుల హాలిడే వోచర్ గెలుచుకున్నారు, ఆదివారం ఫలానా హోటల్‌కి భార్యాభర్తలిద్దరూ కలిసి వచ్చి తీసుకోండి అంటారు. ఒక్కరే వస్తామంటే ఒప్పుకోరు. ఇంటికెళ్లి అడిగి చెబుతామనే మాటకు ఆస్కారం ఉండకూడదనే ఇద్దరినీ రమ్మంటారు. కార్డు కూడా వెంట తెచ్చుకోమంటారు. బహుమతి అందుకోవడానికి కార్డు ఎందుకని అక్కడే ఆగి అడిగినవాళ్లు చాలావరకు బయటపడతారు.

హాలిడే క్లబ్ మెంబర్‌షిప్ అమ్మకం మన నగరాల్లో సాధారణంగా ఇలాగే మొదలవుతుంది. ఆ వ్యాపారమే మోసమని నేను అనడం లేదు. ఏటా పిల్లలతో ఊళ్లు తిరిగే అలవాటున్నవాళ్లు, సీజన్‌కు ముందే గదులు బుక్ చేసుకునే ఓపిక ఉన్నవాళ్లు, ఈ సభ్యత్వాలతో సంతోషంగా ఉన్న సంగతి నాకు తెలుసు. నా అభ్యంతరం ఒక్కచోటే. ఆ హోటల్ హాల్లో బల్ల దగ్గర చెప్పేది ఒకటి, చివర్లో సంతకం పెట్టించుకునే కాగితంలో ఉండేది మరొకటి. తేడా తెలిసి అడిగితే, కాగితంలో లేనిది మేం చెప్పలేదంటారు. దాంతో చాలామంది, సంతకం పెట్టాం కదా, ఇంక చేసేదేముందని ఊరుకుంటారు. అలా ఊరుకోనక్కర్లేదు. అయితే ఎదురు నిలవాలంటే మొదటి ఫిర్యాదును ఎలా రాయాలో తెలిసుండాలి.

కూకట్‌పల్లిలో ఉండే మా తోడల్లుడి వ్యవహారమే చెబుతాను. ఆయన ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ చూస్తాడు. మా మరదలు స్కూల్లో లెక్కల టీచరు. ఇద్దరూ చదువుకున్నవాళ్లు, రూపాయి రూపాయి చూసి ఖర్చు పెట్టేవాళ్లు. ఈ విషయంలో చదువు కాపాడుతుందన్నది భ్రమ కాబట్టి ఈ మాట ముందే చెబుతున్నాను.

వాళ్లను కూర్చోబెట్టిన హాల్లో పదిహేను బల్లల దాకా ఉన్నాయట. పాటలు గట్టిగా పెట్టారు. ప్రతి బల్ల దగ్గరా ఒక సేల్స్ ఎగ్జిక్యూటివ్. మధ్యమధ్యలో ఎవరో మైకులో ఫలానా దంపతులు మా కుటుంబంలో చేరారని ప్రకటించడం, అందరూ చప్పట్లు కొట్టడం. వీళ్ల బల్ల దగ్గరున్న అబ్బాయి తెల్ల కాగితం తీసి, ఏటా టూర్లకు ఎంత ఖర్చు పెడుతున్నారని అడిగి, ఆ అంకెను పదేళ్లకు గుణించి చూపించాడు. ఆ కాగితం మీదే బాల్‌పెన్నుతో క్లబ్ ఇచ్చేవన్నీ రాసుకుంటూ పోయాడు. పదేళ్లపాటు ఏటా ఏడు రాత్రులు, ఏ సీజన్‌లోనైనా, ఏ రిసార్ట్‌లోనైనా. వార్షిక మెయింటెనెన్స్ చార్జీ జీవితాంతం లేదు. వాడుకోని రాత్రుల్ని క్లబ్బే అద్దెకిచ్చి డబ్బు ఖాతాలో వేస్తుంది. నచ్చకపోతే ఏడాదిలోపు పూర్తి సొమ్ము వాపసు. ఈ నాలుగింటికీ పక్కన టిక్కులు పెట్టి, చివరి దాని కింద రెండు గీతలు గీశాడు.

ధర మొదట అయిదు లక్షలు చెప్పారు. వీళ్లు లేవబోతుంటే మేనేజర్ వచ్చాడు. ఈ రోజుకు మాత్రమే అంటూ మూడు లక్షల ఇరవై వేలకు దించాడు. కార్డు మీద 80,000 తీసుకున్నారు. మిగతా 2,40,000కి ఇరవై నాలుగు నెలల నో కాస్ట్ ఈఎంఐ అన్నారు. ఫోనుకు వరుసగా ఓటీపీలు వస్తుంటే, చెప్పండి సార్, చెప్పండి సార్ అంటూ ఆ అబ్బాయి టైప్ చేసుకుంటూ పోయాడు. వాటిలో ఒకటి ఫైనాన్స్ కంపెనీ దగ్గర తీసుకున్న అప్పుకు సమ్మతి. ఇంకొకటి బ్యాంకు ఖాతానుంచి ప్రతి నెలా కోసుకోవడానికి అనుమతి. వాళ్లు కొన్నది క్లబ్ సభ్యత్వం ఒక్కటే కాదు, దాంతోపాటు వేరే సంస్థకు అప్పుపడ్డారన్నమాట. అప్పటికి లోపలికెళ్లి మూడు గంటలు దాటింది. చిన్న పాప ఆకలని ఏడుస్తోంది. పద్దెనిమిది పేజీల ఒప్పందం తెచ్చి ప్రతి పేజీ అడుగున సంతకం పెట్టించారు. బాల్‌పెన్నుతో రాసిన కాగితాన్ని మాత్రం ఫైలులో పెట్టాలంటూ ఆ అబ్బాయి వెనక్కి తీసుకున్నాడు.

ఇలాంటి ఫిర్యాదుల్లో ఆ కాగితం ప్రస్తావన తరచూ వస్తుంది. వాగ్దానాలన్నీ ఉన్నది దాని మీదే, దాన్ని మాత్రం మీ చేతికివ్వరు. మా మరదలు పిల్లల నోటుపుస్తకాల్ని ఫోటో తీసి దాచే అలవాటు కొద్దీ, మేనేజర్ ధర దించుతున్నప్పుడు దాన్నీ ఒక ఫోటో తీసింది. అప్పుడామెకు ఏ అనుమానమూ లేదు, లెక్క గుర్తుండాలనే తీసింది. తర్వాత కేసు మొత్తం ఆ ఫోటో మీదే నిలబడింది.

రెండో రోజు క్లబ్ ఆఫీసునుంచి వెల్‌కమ్ కాల్ వచ్చింది. ఒప్పందం చదివారా, నిబంధనలు అర్థమయ్యాయా, ఒప్పందంలో లేని హామీ ఎవరైనా ఇచ్చారా అని అడుగుతారు. ఈ కాల్‌ను రికార్డు చేస్తారు. దానికి ముందే సేల్స్ అబ్బాయి ఫోన్ చేసి, అన్నిటికీ ఓకే అనండి సార్, లేకపోతే మెంబర్‌షిప్ యాక్టివేట్ కాదన్నాడు. మా తోడల్లుడు అలాగే అన్నాడు. మర్యాదగా పలకరిస్తున్నట్టు సాగే ఆ రెండు నిమిషాల సంభాషణ మీ చేత మీకు వ్యతిరేకంగా పలికించుకునే సాక్ష్యం. ఎవరికైనా ఇలాంటి కాల్ వస్తే, హామీలు ఇచ్చారు, అవి ఫలానా ఫలానా అని ఒక్కొక్కటీ చెప్పండి. అవతలివాళ్లు లైన్ పెట్టేసినా పరవాలేదు. కాల్ వచ్చిన సమయం రాసిపెట్టుకోండి.

తేడా తెలిసింది దసరా సెలవులకు మున్నార్ గది అడిగినప్పుడు. మీది వైట్ సీజన్ సభ్యత్వం, దసరా రెడ్ సీజన్ కిందికి వస్తుంది, తేడా కట్టినా గదులు లేవన్నారు. అదే వారంలో ఏఎంసీ బిల్లు వచ్చింది, 12,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ. అప్పుడు ఒప్పందం తీసి చదివారు. సీజన్ రంగు నాలుగో పేజీలో ఉంది. గదులు లభ్యతను బట్టి ఇస్తామన్నది ఆరో పేజీలో ఉంది. ఏఎంసీ ఏటా పెంచే హక్కు క్లబ్‌దేనట. రద్దు చేసుకోవాలంటే సంతకం చేసిన తేదీనుంచి పది రోజుల్లోపు రాయాలి, అప్పుడు కూడా కొంత కోత ఉంటుంది. పది రోజులు దాటితే రూపాయి రాదు. సభ్యత్వ కార్డుతో కూడిన కిట్ కొరియర్‌లో ఇంటికొచ్చేసరికే ఆ పది రోజులు దాటిపోయాయి. అన్నిటికన్నా గట్టి నిబంధన పదహారో పేజీలో ఉంది. ఈ పత్రమే ఇరుపక్షాల మధ్య పూర్తి ఒప్పందం, ఇందులో లేని నోటి హామీ దేనికీ క్లబ్ బాధ్యత వహించదు, సభ్యుడు అలాంటి హామీని నమ్మి ఇందులో చేరలేదు అని. కింద ఇద్దరి సంతకాలూ ఉన్నాయి.

"అన్నయ్యా, ఇంత స్పష్టంగా రాసి సంతకం పెట్టించుకున్నాక మనం మాట్లాడేదేముంది?" అన్నాడు మా తోడల్లుడు. అందరికీ వచ్చే సందేహమే ఇది. జవాబు కొంచెం వివరంగా చెప్పాలి.

లిఖిత ఒప్పందం ఉన్నప్పుడు దాని షరతుల్ని మార్చేలా నోటి మాటల సాక్ష్యం చెల్లదన్నది మన సాక్ష్య చట్టంలో పాత సూత్రం. 2024 జులై 1నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమంలో అది 95వ సెక్షన్. క్లబ్ తరఫు లాయరు ఎత్తి చూపేది దీన్నే. అయితే ఆ సెక్షన్‌లోనే మినహాయింపులున్నాయి. ఒప్పందం మోసంతో కుదిరిందని చూపించదలిస్తే నోటి మాటల్ని సాక్ష్యంగా తేవచ్చు. మోసం అంటే ఏమిటో 1872 నాటి కాంట్రాక్టు చట్టం 17వ సెక్షన్ చెబుతుంది. నెరవేర్చే ఉద్దేశం లేకుండా చేసే వాగ్దానం కూడా అందులో ఒక రకం. ఏఎంసీ ఎప్పటికీ ఉండదని బల్ల దగ్గర చెబుతున్న నిమిషంలోనే, ఏఎంసీ ఉందని అచ్చు వేసిన పత్రం పక్క గదిలో సిద్ధంగా ఉంటే, ఆ వాగ్దానం నెరవేర్చే ఉద్దేశంతో చేసిందని ఎవరూ నమ్మించలేరు.

దీనికన్నా దగ్గరి దారి 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో ఉంది. అందులో అనుచిత వాణిజ్య విధానం అంటే ఏమిటో 2వ సెక్షన్ 47వ క్లాజు చెబుతుంది. సేవ గురించి తప్పుడు ప్రకటన చేయడం అందులోకి వస్తుంది, ఆ ప్రకటన నోటితో చేసినా, రాతపూర్వకంగా చేసినా, కంటికి చూపించినా సరే. నోటితో అన్న మాటను చట్టమే ప్రస్తావించింది. కాబట్టి మీరు ఒప్పందాన్ని మార్చమని అడగడం లేదు, ఆ ఒప్పందంలోకి మిమ్మల్ని దించిన తీరు మీద ఫిర్యాదు చేస్తున్నారు. ఈ రెండింటికీ చాలా తేడా ఉంది. ఒప్పందంలో ఏఎంసీ లేదని వాదిస్తే ఓడిపోతారు, ఎందుకంటే ఒప్పందంలో ఏఎంసీ ఉంది. ఏఎంసీ లేదని చెప్పి ఒప్పందం చేయించారని వాదిస్తే, నిలబడే వాదన అవుతుంది. మొదటి ఫిర్యాదునుంచి చివరి అఫిడవిట్ దాకా ఈ వరస తప్పకూడదు.

ఒకవైపు మాత్రమే లాభం చేకూర్చే షరతుల మీద సంతకం చేయించుకున్నంత మాత్రాన వినియోగదారుణ్ని కట్టిపడేయలేరని సుప్రీంకోర్టు 2019లో పయనీర్ అర్బన్ కేసులో చెప్పింది. అది ఫ్లాటు కొన్నవారి కేసు, అయినా క్లబ్ వ్యవహారాల్లోనూ ఆ సూత్రాన్ని ఎత్తి చూపవచ్చు. ఇక్కడొక జాగ్రత్త ఉంది. షరతే అన్యాయమైనది, దాన్ని రద్దు చేయండి అని నేరుగా అడగాలంటే 2019 చట్టం ప్రకారం రాష్ట్ర కమిషన్‌కు వెళ్లాలి. జిల్లా కమిషన్‌కు ఆ అధికారం ఇవ్వలేదు. జిల్లా కమిషన్‌లో వేసే ఫిర్యాదుకు అనుచిత వాణిజ్య విధానమూ, సేవా లోపమూ ఆధారం కావాలి, అడిగేది సొమ్ము వాపసూ, పరిహారమూ కావాలి. ఫిర్యాదు నిండా అన్యాయమైన కాంట్రాక్టు అని రాసుకుంటూ పోతే, ఇది మా పరిధి కాదనిపించే వీలు అవతలి లాయరుకు మీరే ఇచ్చినట్టవుతుంది.

ఇక క్లబ్‌కు రాసిన ఫిర్యాదు సంగతి. మా తోడల్లుడు మొదట రాసింది నాకు చూపించాడు. మూడు పేజీల ఆవేదన. నమ్మించి మోసం చేశారు, పిల్లల చదువు డబ్బులు, మీడియాకు వెళతాం అని సాగింది. అందులో బాధ నిజమే. అయితే ఆ కాగితం కమిషన్ ముందు పెడితే పనికొచ్చే వాక్యం ఒక్కటీ లేదు. దాన్ని పక్కన పెట్టి ఇద్దరితో విడివిడిగా మాట్లాడి మళ్లీ రాయించాం. విడివిడిగా ఎందుకంటే, ఒకరి జ్ఞాపకం ఇంకొకరి జ్ఞాపకాన్ని దిద్దకూడదు. ఇద్దరూ ఒకేలా చెప్పిన హామీలే తీసుకున్నాం. విదేశీ టూర్‌కు విమాన టికెట్లు ఫ్రీ అన్నాడని ఆయనకు గుర్తు, మా మరదలికి గుర్తు లేదు, ఫోటోలోనూ లేదు. దాన్ని వదిలేశాం. గుర్తున్నవన్నీ గుప్పిస్తే, ఒకటి అబద్ధమని తేలినా మిగతావి బలహీనపడతాయి.

కొత్త ఉత్తరం ఇలా మొదలైంది: "ఫలానా తేదీ మధ్యాహ్నం పన్నెండు గంటలనుంచి మూడున్నర వరకు ఫలానా హోటల్‌లో మీ ప్రతినిధి, మీ మేనేజర్ మా ఇద్దరి సమక్షంలో నాలుగు హామీలు ఇచ్చారు. మీ ప్రతినిధి స్వయంగా రాసిన కాగితం ఫోటో జతచేస్తున్నాం." తర్వాత ప్రతి హామీకీ ఒక పేరా. ఏం చెప్పారు, ఎవరు చెప్పారు, ఒప్పందంలో ఏ పేజీలో దానికి విరుద్ధంగా ఏముంది, తేడా మాకెప్పుడు ఎలా తెలిసింది. వార్షిక చార్జీ గురించిన పేరా ఇలా ఉంది: "జీవితాంతం మెయింటెనెన్స్ చార్జీ ఉండదని మీ ప్రతినిధి చెప్పి, కాగితం మీద రాసి, టిక్కు పెట్టారు. ఒప్పందం ఏడో పేజీ ప్రకారం మొదటి ఏడాదినుంచే చార్జీ ఉంది. మీ బిల్లు అందాకే మాకిది తెలిసింది. ఈ చార్జీ ఉందని తెలిసుంటే మేం సభ్యత్వం తీసుకునేవాళ్లం కాదు." ఆ చివరి వాక్యం ప్రతి పేరా చివరా ఉండాలి. చెప్పిన మాట అబద్ధమైతే చాలదు, ఆ మాటను నమ్మే సంతకం చేశారని కూడా తేలాలి.

ఉత్తరం చివర అడిగింది స్పష్టంగా ఉండాలి. సభ్యత్వం రద్దు చేసి కట్టిన సొమ్ము మొత్తం వాపసు ఇవ్వండి, ఫైనాన్స్ కంపెనీకి మిగిలిన అప్పు మీరే చెల్లించి బాకీ లేదన్న పత్రం ఇప్పించండి, పదిహేను రోజుల్లో జవాబివ్వండి. దాంతోపాటు ఇంకో రెండు అడిగించాం. వెల్‌కమ్ కాల్ రికార్డింగ్ కాపీ, ఆ రోజు బాల్‌పెన్నుతో రాసిన అసలు కాగితం. ఇస్తారని ఆశించి అడగలేదు. అడిగినా ఇవ్వలేదన్నది రికార్డులో ఉండాలని అడిగించాం. ఈ ఉత్తరం మెయిల్‌లోనూ, రిజిస్టర్డ్ పోస్టులో అక్‌నాలెడ్జ్‌మెంట్‌తోనూ వెళ్లింది. ఫోన్లో మాట్లాడటం పూర్తిగా మానేశారు. కస్టమర్ కేర్ నుంచి ఫోనొస్తే, చెప్పదలుచుకున్నది మెయిల్ చేయండని పెట్టేసేవారు.

ఇంతకు ముందే మా మరదలు ఇంకో మంచి పని చేసింది. సేల్స్ అబ్బాయికి వాట్సాప్‌లో, ఏఎంసీ ఉండదన్నారు కదా, బిల్లు వచ్చిందేంటని మామూలుగా అడిగింది. "అది సిస్టమ్ జనరేటెడ్ మేడమ్, నేను మాట్లాడి వేవాఫ్ చేయిస్తా" అని అతను జవాబిచ్చాడు. ఏఎంసీ లేదని తాను చెప్పినట్టు ఆ అబ్బాయే ఒప్పుకున్నట్టయింది. గొడవ పడ్డాక ఇలాంటి జవాబు రాదు. అందుకే ఫిర్యాదు పంపకముందే, కోపం కనబడకుండా, సేల్స్ వాళ్లను రాతపూర్వకంగా అడగాలి. జవాబు రాకపోయినా మీరు అడిగిన తేదీ మిగులుతుంది. ఆ సందేశాలను చెరిపేయకండి, ఫోను మార్చకండి. వాటిని కమిషన్ ముందు పెట్టేటప్పుడు ఎలక్ట్రానిక్ రికార్డులకు కావాల్సిన సర్టిఫికెట్, అంటే సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ఇచ్చే ధ్రువీకరణ, జతచేయాలి.

ఈఎంఐ ఆపేస్తానని మా తోడల్లుడు పట్టుబట్టాడు. వద్దన్నాను. అప్పిచ్చిన సంస్థ క్లబ్‌కు డబ్బు ఎప్పుడో చెల్లించేసింది. దాని లెక్కలో ఆయన కేవలం బాకీదారు. కట్టడం మానేస్తే సిబిల్ స్కోరు పడిపోతుంది, వసూలు చేసేవాళ్లు ఇంటికొస్తారు, క్లబ్‌కు మాత్రం ఏమీ కాదు. ఫిర్యాదు కాపీని ఫైనాన్స్ కంపెనీకి కూడా పంపి, అభ్యంతరం తెలుపుతూనే వాయిదాలు కడుతున్నామని రాయించాం. కమిషన్‌లో వేసినప్పుడు దాన్నీ ప్రతివాదిగా చేర్చారు. కార్డు మీద తీసుకున్న 80,000 విషయంలో బ్యాంకుకు డిస్‌ప్యూట్ పెట్టొచ్చు, కానీ దానికి గడువు తక్కువ. వీళ్లు అడిగేసరికి అది దాటిపోయింది.

క్లబ్‌నుంచి పన్నెండో రోజున జవాబొచ్చింది. మీరు స్వచ్ఛందంగా సంతకం చేశారు, వెల్‌కమ్ కాల్‌లో హామీలేవీ లేవన్నారు, రద్దు గడువు ముగిసింది, అయినా సద్భావంతో ఒక ఏడాది అదనంగా ఇస్తాం, మొదటి ఏఎంసీ మాఫీ చేస్తాం అని. ఇలాంటి ఉత్తరం వచ్చిందంటే మీ ఫిర్యాదుకు ఎంతో కొంత బలం ఉందని వాళ్లు గుర్తించినట్టే. దాన్ని ఒప్పుకోకూడదు. అదనపు ఏడాదికి ఓకే అని ఒక్క మెయిల్ పెడితే, ఒప్పందాన్ని మళ్లీ అంగీకరించినట్టవుతుంది. రిసార్ట్‌కు వెళ్లి రెండు రాత్రులు గడిపి వచ్చినా అంతే. సేవ వాడుకున్నారు కదా అని వాపసులో కోత పెట్టే అవకాశం ఉంది. వీళ్లు ఒక్క రాత్రీ వాడుకోలేదు.

తర్వాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేశారు. తెలుగులోనే చెప్పుకోవచ్చు. consumerhelpline.gov.in లో కూడా నమోదు చేయవచ్చు. అక్కడివాళ్లకు తీర్పు ఇచ్చే అధికారం లేదు, ఫిర్యాదును కంపెనీకి పంపి జవాబు తెప్పిస్తారంతే. కొన్ని క్లబ్బులు ఈ దశలోనే దిగివస్తాయి. వీళ్ల క్లబ్ పాత జవాబునే మళ్లీ పంపింది. డాకెట్ నంబరు దాచుకుని జిల్లా కమిషన్‌కు వెళ్లారు.

కమిషన్ అంటే భయపడేవాళ్లకు రెండు సంగతులు చెప్పాలి. చెల్లించిన సొమ్ము 50 లక్షల దాకా ఉంటే జిల్లా కమిషన్ చాలు, 5 లక్షల దాకా ఫీజే లేదు. వివాదాలన్నీ ఢిల్లీ కోర్టుల్లోనో ముంబై కోర్టుల్లోనో తేల్చుకోవాలని ఒప్పందంలో రాసి ఉన్నా, ఫిర్యాదుదారు నివసించే జిల్లాలోనే వేసే హక్కు 2019 చట్టం 34వ సెక్షన్ ఇచ్చింది. మధ్యవర్తి దగ్గరికే, అంటే ఆర్బిట్రేషన్‌కే వెళ్లాలన్న షరతు కూడా వినియోగదారుడికి అడ్డం కాదని 2018లో ఎమ్మార్ ఎంజీఎఫ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. కారణం పుట్టిన నాటినుంచి రెండేళ్లలోపు ఫిర్యాదు వేయాలి. లాయరు తప్పనిసరి కాదు. ఆన్‌లైన్‌లో e-jagriti.gov.in ద్వారా వేయవచ్చు.

కమిషన్ విచారణ ప్రధానంగా అఫిడవిట్ల మీద, పత్రాల మీద నడుస్తుంది. నోటి హామీల కేసుల్లో వినియోగదారుడికి బలం చేకూరేది ఇక్కడే. భార్యాభర్తలిద్దరూ విడివిడిగా అఫిడవిట్ ఇస్తారు, ఇద్దరూ ఆ బల్ల దగ్గర ఉన్నవాళ్లు. క్లబ్ తరఫున అఫిడవిట్ ఇచ్చేది సాధారణంగా లీగల్ ఆఫీసరు, ఆ రోజు ఆ హోటల్‌లో అడుగు పెట్టని మనిషి. అలాంటి హామీలు ఇవ్వలేదని ఆయన అన్నా, అది స్వయంగా చూసి విన్న మాట కాదు. ఆ మాట అనాల్సింది సేల్స్ ఎగ్జిక్యూటివ్, మేనేజర్. ఈ రంగంలో సేల్స్ వాళ్లు తరచూ ఉద్యోగాలు మారుతుంటారు కాబట్టి, వాళ్లను తీసుకురావడం క్లబ్‌కు అంత తేలిక కాదు. ఫిర్యాదులో వాళ్ల పేర్లు రాసి, వాళ్ల అఫిడవిట్ దాఖలు చేయమని కోరితే, తీసుకురాలేకపోవడం క్లబ్‌కు వ్యతిరేకంగా నిలబడుతుంది. నోటీసు అందాక క్లబ్ 30 రోజుల్లో, మహా అయితే ఇంకో 15 రోజుల్లో జవాబు దాఖలు చేయాలి. ఆ 45 రోజులు దాటితే తీసుకోవడానికి వీల్లేదని 2020లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. ఆ తేదీల మీద ఫిర్యాదుదారే కన్నేసి ఉంచాలి.

ఇన్ని ఉన్నా ఓడిపోయే కేసులు ఉంటాయి. ఫోటో లేదు, సందేశం లేదు, మెయిల్ లేదు, ఏడాదిన్నర తర్వాత తొలిసారి ఫిర్యాదు, మధ్యలో రెండు టూర్లు వెళ్లొచ్చారు. అలాంటప్పుడు కమిషన్ ఒప్పందాన్నే చూస్తుంది, దాన్ని తప్పుపట్టలేం. నోటి మాట చెల్లుతుందని చట్టం చెప్పింది, కానీ ఆ మాట అన్నారని చూపించే బాధ్యత మీ మీదే పెట్టింది.

మా వాళ్ల కేసు తీర్పుదాకా వెళ్లలేదు. కమిషన్ మధ్యవర్తిత్వానికి పంపింది. అక్కడ ఆ ఫోటో, వాట్సాప్ జవాబు చూశాక క్లబ్ లాయరు కబురు మార్చాడు. అప్పటికి వీళ్లు 80,000తో పాటు పదకొండు వాయిదాలు, మొత్తం 1,90,000 కట్టారు. క్లబ్ 1,60,000 వాపసు ఇచ్చి, ఫైనాన్స్ కంపెనీకి మిగిలిన 1,30,000 తానే చెల్లించి, బాకీ లేదన్న పత్రం ఇప్పించింది. నేనైతే మిగతా ముప్పై వేలకూ పోరాడమనేవాణ్ని. "వద్దు బావగారూ, ఆ పత్రం చేతికొచ్చింది, అది చాలు" అంది మా మరదలు. ఆ నిర్ణయం వాళ్లది.

టైమ్‌షేర్ అమ్మకాలకు మన దేశంలో ప్రత్యేక చట్టం లేదు. యూరప్‌లో 2008 ఆదేశం ప్రకారం కొన్నవాడికి కారణం చెప్పకుండా రద్దు చేసుకోవడానికి 14 రోజులుంటాయి, ఆ 14 రోజులూ అమ్మినవాడు ఒక్క యూరో కూడా తీసుకోకూడదు. మన దగ్గర రద్దు గడువు ఎన్ని రోజులో, ఏ తేదీనుంచి లెక్కో క్లబ్బే రాసుకుంటుంది. అలాంటి చట్టం మనకూ రావాలి. ముఖ్యంగా అప్పు ముడిపెట్టి అమ్మే చోట, గడువు ముగిసేదాకా అప్పు విడుదల చేయకూడదన్న నిబంధన రావాలి.

అప్పటిదాకా చేయగలిగింది ఒకటుంది. మీ ఇంట్లోగానీ, బంధువుల్లోగానీ ఈమధ్య ఇలాంటి సభ్యత్వం తీసుకున్నవాళ్లుంటే, ఒప్పందం బయటికి తీసి రద్దు గడువు ఏ పేజీలో ఉందో ఈ రోజే చూడండి. గడువు ఇంకా ఉంటే ఈ రాత్రే మెయిల్ పంపండి, రేపు పొద్దున రిజిస్టర్డ్ పోస్టు చేయండి. గడువు దాటి ఉంటే, ముందుగా సేల్స్ వాళ్లతో జరిగిన వాట్సాప్ సంభాషణ మొత్తాన్ని భద్రం చేసి, ఆ తర్వాత ఫిర్యాదు రాయండి.